పచ్చళ్ల జవాబులతో పదిహేను నెలలు: కేవీ క్యాష్, టెంపరేచర్, టాప్-పీ వాడి చూసిన అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా బావగారికి పచ్చళ్ల వ్యాపారం ఉంది. ఆయనను తెలుగులో వాకబు చేసేవారికి జవాబుల చిత్తుప్రతులు తయారుచేయడానికి, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డున్న మా ఇంటి కంప్యూటరు మీద, లామా 3.1లో 800 కోట్ల పరామితుల భాషా మోడల్‌ను llama.cpp అనే ప్రోగ్రామ్ ద్వారా పదిహేను నెలలుగా నడుపుతున్నాను. ఆ మోడల్‌కు తెలుగు ఎంత వచ్చు అన్నది వేరే చర్చ. నేను రోజూ చేయి పెట్టవలసి వచ్చినవి రెండే: కేవీ క్యాష్, తరువాతి పదాన్ని ఎంపిక చేసే టెంపరేచర్, టాప్-పీ అనే అమరికలు.

మోడల్ ఒక్కసారికి ఒక్క టోకెన్‌నే, అంటే ఒక పదాన్నో పదం ముక్కనో, రాస్తుంది. అది రాయడానికి ముందు, వెనక ఉన్న ప్రతి టోకెన్‌కూ ప్రతి పొరలోనూ ఒక కీ, ఒక వాల్యూ అనే సంఖ్యల వరుసలు కావాలి. ఏ టోకెన్ అయినా తన వెనకవాటినే చూస్తుంది కాబట్టి, ముందుకు ఎన్ని టోకెన్లు చేరినా పాతవాటి కీ, వాల్యూలు మారవు. మారనివాటిని ప్రతిసారీ లెక్కగట్టడం ఎందుకని దాచిపెట్టుకునే చోటే కేవీ క్యాష్. వెనకవాటి కీలతో పోల్చి చూసే క్వెరీ వరుస అప్పుడే రాస్తున్న టోకెన్‌కు మాత్రమే అవసరం కనుక దానిని దాచరు.

ఇలా దాచడానికి అయ్యే ఖర్చు గ్రాఫిక్స్ కార్డు మెమరీ. ఈ మోడల్‌లో 32 పొరలు, పొరకు కీ, వాల్యూలను తయారుచేసే 8 కేవీ హెడ్‌లు, హెడ్‌కు 128 సంఖ్యలు, ఒక్కో సంఖ్యకు 2 బైట్లు ఉంటాయి. కీ, వాల్యూ రెండూ కాబట్టి 2×32×8×128×2, అంటే టోకెన్‌కు 128 కేబీ. 8,192 టోకెన్లకు సరిగ్గా 1 జీబీ అవుతుంది. ఈ లెక్క వేసుకోకుండా, మోడల్ గరిష్ఠ నిడివి అయిన 1,31,072 టోకెన్లనూ ఉపయోగించుకుందామని మొదటి వారంలో -c 0 ఇచ్చాను. క్యాష్‌కే 16 జీబీ కావలసి వచ్చింది. కుదించిన మోడల్ ఫైలు మరో 5 జీబీ. సర్వర్ లేవనే లేదు. అప్పటి నుంచి ఇలా నడుపుతున్నాను:

```
llama-server -m llama-3.1-8b-q4_k_m.gguf -c 8192 -ngl 99
```

నాకు అసలు పాఠం నేర్పింది మాత్రం గడియారం. ధరల పట్టిక, పార్సిల్ నియమాలు, మర్యాద సూచనలు కలిపి ప్రతి ప్రశ్నకూ ముందు మోడల్‌కు ఇచ్చే మా సూచనల పాఠం సుమారు 3,000 టోకెన్లు ఉంటుంది. క్యాష్‌లో అది దాదాపు 375 ఎంబీ. ప్రతి జవాబుకూ ఆ పాఠం ఒకటే కాబట్టి సర్వర్ దానిని ఒకసారి చదివి దాచుకుని, తరువాత వినియోగదారుడి ప్రశ్నను మాత్రమే చదివేది. జవాబు వెంటనే మొదలయ్యేది. ఒకనాడు బావగారు “ఇవాళ ఏ వారమో, టైమెంతో దానికి తెలిస్తే పార్సిల్ ఎప్పుడొస్తుందో సరిగ్గా చెబుతుంది కదయ్యా” అన్నారు. సరేనని తేదీని, నిమిషాలతో సహా సమయాన్ని సూచనల మొదటి వాక్యంగా పెట్టాను. ఆ సాయంత్రం నుంచే ప్రతి జవాబుకూ ముందు రెండు మూడు సెకన్ల మౌనం మొదలైంది.

కార్డు వేడెక్కిందేమోనని ఫ్యాను తుడిచాను, డ్రైవర్ మార్చాను. ఆధారం లాగ్‌లోనే ఉంది. prompt eval time అన్న వరుసలో అంతకు ముందు పదుల్లో ఉండే టోకెన్ల సంఖ్య 3,000 దాటి కనిపించింది. క్యాష్ మొదటి నుంచి ఎంతవరకు అక్షరం పొల్లుపోకుండా కలిస్తే అంతవరకే పనికొస్తుంది. నిమిషం మారితే మొదటి వాక్యం మారుతుంది, అది మారితే దాని తరువాతి టోకెన్లన్నిటి కీ, వాల్యూలూ చెల్లవు. సమయాన్ని సూచనల చివరికి, ప్రశ్నకు సరిగ్గా ముందుకు జరిపాను. ఆ మౌనం పోయింది.

క్యాష్ వల్ల రాత నాణ్యత తగ్గుతుందని కొందరు అనుకుంటారు. గణితం ప్రకారం క్యాష్ ఉన్నా లేకున్నా ఫలితం ఒకటే. ఒకేసారి ఎన్ని టోకెన్లను లెక్కిస్తారన్న దాన్ని బట్టి దశాంశాల సవరింపులో అతి చిన్న తేడా రావచ్చు. రెండు పదాలు దాదాపు సమానంగా పోటీపడిన చోట, టెంపరేచర్ సున్నా పెట్టి ఎప్పుడూ అన్నిటికన్నా ఎక్కువ సంభావ్యత ఉన్నదాన్నే తీసుకోమన్నా, ఆ తేడా జవాబును మార్చగలదు. మామూలుగా రాత తీరు మారేది మాత్రం ఎంపిక దగ్గరే.

“మీ ఆవకాయ జాడీ రేపు” అన్నంతవరకు రాశాక ఏం రావాలి? తెలుగు పదం నిజానికి అనేక టోకెన్లుగా విడిపోతుంది గాని, లెక్క సులువు కోసం ఒక్కొక్కటే అనుకుందాం. పోటీలో ఉన్న పదాల సంభావ్యతలు ఇవి: చేరుతుంది 0.60, వస్తుంది 0.25, అందుతుంది 0.10, పగులుతుంది 0.05. టాప్-పీ 0.9 అంటే, పెద్దవాటి నుంచి మొదలుపెట్టి మొత్తం 0.9కి చేరేవరకు ఉంచి మిగతావి తీసేయడం. ఇక్కడ మొదటి మూడు మిగులుతాయి, జాడీ పగలదు. టెంపరేచర్ ఈ వాటాల మధ్య అంతరాన్ని పెంచే, తగ్గించే అమరిక; 1 అంటే మార్పు లేదు. దానిని 0.5 చేస్తే ఎక్కువ ఉన్నది మరింత పెరిగి 0.83, 0.14 అవుతాయి; రెండు పదాలతోనే 0.9 దాటుతుంది. టెంపరేచర్ 2 చేస్తే 0.43, 0.28, 0.17, 0.12 అవుతాయి; మూడు పదాలు కలిసినా 0.88 మాత్రమే కాబట్టి నాలుగోదీ లోపలికి వస్తుంది. ఎనిమిది జాడీలలో సుమారు ఒకటి పగులుతుందన్నమాట.

అయితే ఇది టెంపరేచర్‌ను ముందు, టాప్-పీని తరువాత వర్తింపజేసినప్పటి మాట. ట్రాన్స్‌ఫార్మర్స్ లైబ్రరీలో వరుస అదే. llama.cpp మామూలు వరుసలో టాప్-పీ ముందు, టెంపరేచర్ చివర. అప్పుడు టెంపరేచర్ ఎంత పెంచినా ఆ మూడు పదాల మధ్యే వాటాలు మారతాయి, నాలుగోది లోపలికి రాదు. ఇది తెలియక, ఒకచోట కుదిరిన అంకెలను ఇంకోచోటికి తెచ్చుకుని వారం రోజులు తికమకపడ్డాను.

ఎంపిక అయిపోయిన పదం కూడా క్యాష్‌లో చేరి, తరువాతి పదాలన్నిటికీ సాక్ష్యంగా నిలుస్తుంది. మోడల్ వెనక్కి వెళ్లి దిద్దుకోదు. ఒకసారి నిజంగానే “పగులుతుంది” పడింది. తరువాతి మూడు వాక్యాలు ఆ పగలబోయే జాడీకి క్షమాపణ చెప్పి, బదులు జాడీ పంపుతామని హామీ ఇచ్చాయి. చదివి బావగారు “జాడీ పగలకముందే నా చేత డబ్బులు కట్టిస్తోందే” అన్నారు.

తెలుగుకు ఇంకొక చిక్కు ఉంది. మన అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు. ‘క’ అంటే E0 B0 95. ఈ మోడల్ చాలాసార్లు ఒక అక్షరాన్నే ముక్కలుగా రాస్తుంది. ముక్కల మధ్యలో మోడల్‌కు సందేహం తక్కువే గాని, 1,28,256 టోకెన్ల పదకోశంలో తోకన ఉన్న వేల టోకెన్లకు తలా కాస్త వాటా ఉంటుంది. పరీక్ష కోసం --top-k 0 --top-p 1.0 --min-p 0 పెట్టి వడపోతలన్నీ తీసి, టెంపరేచర్ 1.5 చేస్తే, ఆ వాటాలన్నీ ఉబ్బి రెండో పంక్తికే � గుర్తులు కనిపించాయి. వాక్యం అర్థం చెడకముందే అక్షరం విరగడం కనిపిస్తే టెంపరేచర్‌ను కాదు, ముందు టాప్-పీని అనుమానించండి.

ఇప్పుడు ధరలు, తేదీల జవాబులకు టెంపరేచర్ 0.2 వాడుతున్నాను. పండుగ శుభాకాంక్షలకు 0.9, టాప్-పీ 0.9. ఈ అంకెలు మార్చినా క్యాష్ చెడదు కాబట్టి, ఒకే సూచనల మీద ఐదు రకాల శుభాకాంక్షలు రాయించి బావగారి ముందు పెడతాను. ఆయన సాధారణంగా రెండోదో మూడోదో ఎంచుకుని, చివర తన చేత్తో “కారం తక్కువ కావాలంటే ముందే చెప్పండి” అని చేరుస్తారు.