గంటల లెక్కా, విలువ లెక్కా: ఫ్రీలాన్సర్‌కి ఏది మేలు?

మొదటిసారి ఒక ఆన్‌లైన్ షాపుకి చెక్అవుట్ పేజీ సరిచేసినప్పుడు నాకు 20 గంటలు పట్టింది. గంటకి 800 చొప్పున 16,000 బిల్లు వేశాను. అలాంటి పనే అయిదోసారి చేసేటప్పటికి 9 గంటల్లో అయిపోయింది. పని ముందటికన్నా బాగా వచ్చింది, క్లయింటుకి త్వరగా చేతికందింది. నాకు వచ్చింది మాత్రం 7,200. గంటల లెక్కలో ఉన్న అసలు చిక్కు ఇదే. చెయ్యి తిరిగేకొద్దీ ఆదాయం తగ్గిపోతుంది. రేటు పెంచుదామంటే "గంటకి అంతా?" అంటారు.

ఇంకో దారి, ఆ పని వల్ల క్లయింటుకి ఎంత కలిసొస్తుందో చూసి ధర చెప్పడం. చాలామంది దీన్ని ఫిక్స్‌డ్ రేటుతో కలిపేస్తారు. 20 గంటలు పడుతుందని లోపల లెక్కేసుకుని 16,000 అని మొత్తంగా చెప్తే అది గంటల లెక్కే. ఇది కమిషన్ కూడా కాదు. ధర ముందే ఖాయం చేసుకుంటాం, ఆ తర్వాత అమ్మకాలు పెరిగినా తగ్గినా అది మారదు.

పచ్చళ్ళు అమ్మే ఒక మేడమ్‌తో జరిగింది చెప్తాను. ఆవిడ ఫోన్ చేసి మొదట అడిగింది, "ఎన్ని గంటలు పడుతుందండీ?" అని. దానికి జవాబు చెప్పకుండా నేనే అడిగాను: "నెలకి డబ్బు కట్టే పేజీ దాకా ఎంతమంది వస్తున్నారు, ఎంతమంది కడుతున్నారు మేడమ్?" సుమారు 1,000 మంది వస్తే 400 మంది కడుతున్నారు. సగటు ఆర్డర్ 900 రూపాయలు. ఖర్చులన్నీ పోగా అందులో 30 శాతం మిగులుతుంది. సైట్ తెరిచి చూస్తే కారణం కనిపించింది. అకౌంట్ తెరవందే కొననివ్వదు, డెలివరీ ఛార్జీ చివరి పేజీలో గానీ తెలియదు.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. 400 కాస్తా 460 అయితే నెలకి 60 ఆర్డర్లు ఎక్కువ. అంటే 54,000 అమ్మకం, ఆవిడకి మిగిలేది 16,200. నేను 35,000 అడిగాను. అనుకున్నట్టు జరిగితే రెండు నెలల పైచిలుకులో ఆ డబ్బు తిరిగొస్తుంది. సగమే జరిగినా నాలుగు నెలలు దాటిన కొద్ది రోజులకి వచ్చేస్తుంది. ఆ రెండో లెక్క కూడా నేనే చెప్పాను. అంచనాని పెంచి చూపిస్తే ఆ ఒక్క పనితోనే సంబంధం తెగిపోతుంది.

"పని తొందరగా అయిపోతే తగ్గిస్తారా?" అని అడిగారు. సూటిగా చెప్పాను: "తగ్గించను మేడమ్. ఆలస్యమైనా పెంచను. మీరు కొంటున్నది నా గంటల్ని కాదు, పేజీలో ఆగిపోతున్నవాళ్ళు కొని వెళ్ళడాన్ని." ఆవిడకి నచ్చింది ముఖ్యంగా బిల్లు ఎంతవుతుందోనన్న టెన్షన్ లేకపోవడం. గంటల లెక్కలో పని సాగితే ఆ భారం క్లయింటు మీద పడుతుంది. ఇందులో అది మన మీద పడుతుంది.

అందుకే ఏమేం చేస్తామో, ఏది చేయమో రాసి పెట్టుకోవాలి. నేను అతిథిగా కొనే వీలు, ముందే కనిపించే డెలివరీ ఛార్జీ, మొబైల్‌లో యూపీఐ బటన్ పైకి తేవడం, ఈ మూడే రాశాను. సగం అడ్వాన్స్ తీసుకున్నాను. మధ్యలో కొరియర్ ట్రాకింగ్ కూడా పెట్టమన్నారు. రాసిన కాగితం లేకపోతే అది ఉచితంగా చేయాల్సి వచ్చేది. వేరే ధర చెప్పాను, తర్వాత చేద్దామన్నారు.

పాత క్లయింట్లతో మాట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నడుస్తున్న పనిలో పద్ధతి మార్చకూడదు. పాత రేటుకే పూర్తి చేసి, కొత్త పని వచ్చినప్పుడు చెప్పాలి. నేను పంపే మెసేజ్ ఇలా ఉంటుంది: "ఈ పని నుంచి మొత్తం ధర ముందే చెప్తానండీ, మధ్యలో పెరగదు. అది చెప్పడానికి ముందు, దీనివల్ల మీకు ఏం మారాలో ఒక పావుగంట మాట్లాడుకుందాం." ఖర్చులు పెరిగాయనో, అనుభవం పెరిగిందనో అందులో రాయను. రాస్తే వాళ్ళకి అది రేటు పెంపులాగే వినిపిస్తుంది, బేరం మొదలవుతుంది.

కొలవడానికి అంకె దొరికే పని అయితే, క్లయింటు ఆ అంకె చెప్పేవాడైతే, నా ఓటు విలువ లెక్కకే. "అవన్నీ మీకెందుకండీ" అనేవాళ్ళతో అది కుదరదు. వేరేవాళ్ళు రాసిన పాత కోడ్‌లో తప్పు వెతికే పనికీ కుదరదు. గంటలో దొరకొచ్చు, నాలుగు రోజులూ పట్టొచ్చు. అక్కడ ఖాయం ధర చెప్పడం జూదమే. పచ్చళ్ళ మేడమ్ సైట్‌కి నెలనెలా వచ్చే చిన్న చిన్న మార్పులకి నేను ఇప్పటికీ గంటకి 800 చొప్పునే తీసుకుంటున్నాను.