పాడ్‌కాస్టు అతిథికి ఆహ్వానం: మూడు సమయాలు రాయడం మేలా, బుకింగ్ లింకు పంపడం మేలా?

పాడ్‌కాస్టుకు అతిథిని మెయిల్‌లో పిలిచేటప్పుడు మనకు వీలైన మూడు సమయాలను అక్కడే రాయవచ్చు, లేదా క్యాలెండ్లీ వంటి బుకింగ్ లింకు పంపి వారినే ఎంచుకోమనవచ్చు. "మీకెప్పుడు వీలవుతుంది?" అని మాత్రమే అడగడాన్ని నేను పద్ధతిగా లెక్కించను, ఎందుకంటే దానికి బదులివ్వాలంటే అతిథి తన వారమంతా మనకు వివరించాలి.

లింకు బలమంతా టైమ్ జోన్‌లో ఉంది. తెరిచినవారికి వారి స్థానిక సమయమే కనిపిస్తుంది. చేత్తో రాసేవారు ఎక్కడ తప్పుతారో చూడండి. విజయవాడ నుంచి న్యూజెర్సీలోని ఒక పిల్లల డాక్టరు గారికి 2026 అక్టోబరు 31 శనివారం, నవంబరు 1 ఆదివారం, రెండు రోజులూ మన రాత్రి 7:30 అని రాశామనుకుందాం. శనివారం అది అక్కడ ఉదయం 10 గంటలు, ఆదివారం మాత్రం 9 గంటలు, ఎందుకంటే ఆ ఆదివారం తెల్లవారుజామున అమెరికాలో గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. రెండింటికీ 10 అని రాస్తే డాక్టరు గారు ఆదివారం గంట ఆలస్యంగా వస్తారు, తప్పు మనదవుతుంది.

అయినా మొదటి ఆహ్వానంలో మూడు సమయాలు రాయడమే మేలని నా అభిప్రాయం. ఇంకా ఒప్పుకోని పెద్దమనిషికి లింకు పంపితే, రావాలో వద్దో తేల్చుకోకముందే ఫారం నింపమన్నట్టు ఉంటుంది. సమయాలు రాసి ఉంటే "రెండోది" అన్న ఒక్క మాటతో పని జరుగుతుంది. ఒప్పుకున్నాక తేదీ మార్చుకోవలసి వస్తే అప్పుడు లింకు నిజంగా ఉపయోగపడుతుంది. మెయిల్‌లో సారాంశం ఇలా ఉంటే చాలు:

"డాక్టరు గారికి నమస్కారం. పసిపిల్లల జ్వరాల గురించి మీతో 45 నిమిషాలు తెలుగులో మాట్లాడాలని కోరిక. వీడియో ఉండదు, ప్రశ్నలు ముందే పంపుతాము. పరికరాలు సరిచూసుకోవడంతో కలిపి 75 నిమిషాలు కేటాయించగలరు. మీ సమయం ప్రకారం అక్టోబరు 31 శనివారం ఉదయం 10, నవంబరు 1 ఆదివారం 9, లేదా నవంబరు 7 శనివారం 9 గంటలకు మాకు వీలవుతుంది. కంప్యూటరు, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు ఉంటే చాలు."

సాంకేతిక వివరాలను ఇంతకు మించి మొదటి మెయిల్‌లో పెట్టకూడదు. మిగతావి ఖరారు మెయిల్‌లో రాయాలి, అవి కూడా రికార్డింగు పద్ధతిని బట్టే. జూమ్ అతిథికి అలవాటైనదే గాని, నెట్ తడబడితే ఆ తెగిన మాటే రికార్డవుతుంది. రివర్‌సైడ్ వంటి రికార్డింగు వెబ్‌సైట్లు ఎవరి గొంతును వారి కంప్యూటరులోనే రికార్డు చేసి కొంచెం కొంచెంగా పైకి పంపుతాయి కనుక శబ్దం తెగదు. అందుకే నేను వీటినే ఎంచుకుంటాను. అయితే మాటలు ముగియగానే అతిథి బ్రౌజర్ ట్యాబ్ మూసేస్తే చివరి భాగం చేరకపోవచ్చు కాబట్టి, "అప్‌లోడ్ పూర్తయిందని మేము చెప్పేదాకా ట్యాబ్ మూయవద్దు" అన్న వాక్యాన్ని ఖరారు మెయిల్‌లో మొదటే రాయాలి.