స్లాబుకు మెంబ్రేనా, కోటింగా? 30×40 మేడ లెక్క

స్లాబులోంచి వాన నీరు కారకుండా పైన మెంబ్రేన్ పరచాలా, కోటింగు పూయాలా, ఏది ఎంత పడుతుందో చూద్దాం. హన్మకొండలో పిట్టగోడ లోపల 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న మేడ అనుకుందాం. నేల 1,200 చదరపు అడుగులు. ఇక్కడితో లెక్క ఆపేస్తేనే సరుకు తక్కువ పడుతుంది. స్లాబు ఎండకు సాగి, రాత్రికి ముడుచుకుంటుంటే పిట్టగోడ మొదట్లోనే పగులు వస్తుంది. అందుకే మెంబ్రేనైనా కోటింగైనా గోడమీదికి ఒక అడుగు ఎక్కించాలి. చుట్టుకొలత 140 అడుగులు కాబట్టి ఇంకో 140 కలిసి మొత్తం 1,340 చదరపు అడుగులు, అంటే దాదాపు 125 చదరపు మీటర్లు.

మెంబ్రేన్ అంటే మంటతో అతికించే తారు షీటు. దాని రోలు ఒక మీటరు వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉంటుంది. పేరుకు 107 చదరపు అడుగులు. పక్కల 10 సెంటీమీటర్లు, చివర్ల 15 సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి ఎక్కాక మిగిలేది 95. ఆ లెక్కన నేలకు 13 రోళ్లు. గోడకు రోలును నిలువునా రెండుగా చీలుస్తాం. అర మీటరు పట్టీలో 30 సెంటీమీటర్లు గోడమీద, 20 నేలమీద ఉంటాయి. ఒక రోలు దాదాపు 20 మీటర్ల గోడకు వస్తుంది. మన చుట్టుకొలత 43 మీటర్లు కాబట్టి ఇంకో 3. మొత్తం 16 రోళ్లు. 1,340ని 107తో భాగించి 13 తెచ్చుకుంటే సరిగ్గా గోడ దగ్గరే అయిపోతుంది. అప్పుడు పనివాళ్లు అతుకులు తగ్గించి సరిపెడతారు. పరచడం నీళ్లు పోయే గొట్టం వైపు నుంచి మొదలుపెడితే పై వరుస కింది వరుసమీద కూర్చుంటుంది, పారే నీరు అతుకులోకి దూరదు.

కోటింగుకు అతుకుల బాధ లేదు, కానీ అందరూ "రెండు కోట్లు" అని ఆగిపోతారు. చూడాల్సింది ఆరాక మిగిలే మందం. డబ్బాలో సగం ఘనపదార్థం ఉండే రకానికి 1 మిల్లీమీటరు మందం రావాలంటే చదరపు మీటరుకు 2 లీటర్లు పట్టాలి. 125 మీటర్లకు 250 లీటర్లు, గరుకు స్లాబుకు పది శాతం కలిపితే 20 లీటర్ల బకెట్లు 14. ఒక కోటుకు అర లీటరు మించి వేస్తే పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉంటుంది, మే ఎండలో బుడగలు లేస్తాయి. అందుకని నాలుగు కోట్లు, పొద్దున్నే వేయాలి. రెండింటితో ఆపితే మందం సగమే. కనిపెట్టడం తేలిక: సుమారు 107 చదరపు అడుగుల గడి గీస్తే, ప్రతి కోటుకూ అందులో 5 లీటర్లు ఖర్చవ్వాలి.

పైన కాంక్రీటు పొరో టైల్సో వేసే కొత్త ఇంటికి మెంబ్రేన్ మేలు. మామూలు నల్ల రకాన్ని ఎండకు వదిలేస్తే పగులుతుంది, కింద తడి ఉంటే ఉబ్బుతుంది. మిరపకాయలు ఎండబెట్టుకుంటూ, ట్యాంకు పైపులు నాలుగైదు దిగి ఉన్న పాత మేడకు కోటింగే నయం. పైపు చుట్టూ మెంబ్రేన్ కోసి అతికించడం కష్టం, కోటింగైతే పగుళ్లమీద, మూలల్లో మెష్ పెట్టి దానిమీదే పూసుకుపోవచ్చు.