ఏఐ చాట్‌బాట్‌ని రెండేళ్లు వాడాక చెబుతున్నా: రాత బాగుంటుంది, రిఫరెన్సులే కట్టుకథలు

నా పీహెచ్‌డీ మూసీ మురుగునీటితో పారా గడ్డి, ఆకుకూరలు పండించే రైతుల మీద. తార్నాకలో రూము, ఉప్పల్ దాటాక ఫీల్డ్. ఏఐ చాట్‌బాట్‌ని రెండేళ్లుగా నెలనెలా డబ్బు కట్టి వాడుతున్నాను. నా ఇంగ్లిష్ వాక్యాలు సరిచేయడంలో దానికి వంక పెట్టలేను. పెద్ద పేపరు ఇచ్చి ముఖ్యమైన పాయింట్లు తీయమన్నా ఫర్వాలేదు. తేడా కొట్టేది రిఫరెన్సుల దగ్గరే.

ప్రీ-సబ్మిషన్ సెమినార్ అయ్యాక కమిటీలోని ఒక మేడమ్ నన్ను ఆపి, "ఆ పద్నాలుగో రిఫరెన్సు నాకు మెయిల్ చెయ్యమ్మా, అది నేనెప్పుడూ చూడలేదే" అన్నారు. ఆవిడ మూసీ మీద ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఆవిడ చూడని పేపరు నాకు దొరికిందని లోపల కాస్త గర్వపడ్డాను కూడా. ఆ రాత్రి ఒంటిగంట దాకా వెతికాను. అలాంటి వ్యాసమే లేదు.

ఆ రిఫరెన్సుని విడదీసి చూస్తే తమాషాగా ఉంటుంది. రచయితల పేర్లు నిజం, ఇద్దరూ మూసీ మీద రాసినవాళ్లే. పత్రిక నిజం, ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ. శీర్షిక మాత్రం ఎవరూ రాయనిది. సంవత్సరం 2015, సంపుటి 48 అని ఉంది. దొంగ దొరికింది అక్కడే. ఆ పత్రిక మొదటి సంపుటి 1966లో వచ్చింది, ఏడాదికొకటి చొప్పున లెక్కేస్తే 2015కి 50వ సంపుటి రావాలి. 48 అంటే 2013. పోనీ సంవత్సరమే తప్పు పడిందేమో అని 2013 సంచిక తెరిస్తే, ఆ పేజీల్లో ఇంకెవరిదో వ్యాసం ఉంది.

ఇలా ఎందుకవుతుందో అప్పుడు అర్థమైంది. ఈ మోడల్ ఏ లైబ్రరీలోనో వెతికి తెచ్చి ఇవ్వదు. ఈ విషయం మీద రిఫరెన్సు అంటే ఎలా ఉంటుందో దానికి తెలుసు, ఆ మూసలో పేర్లూ అంకెలూ పోస్తుంది. ఆ విషయంలో తరచూ కనిపించే పేర్లే ముందు వస్తాయి కాబట్టి చూడగానే నమ్మబుద్ధేస్తుంది. వెబ్‌లో వెతికి చెప్పే వెర్షన్ వచ్చాక పూర్తిగా లేనివి తగ్గాయి. కానీ దాని బాధ దానికుంది, కింద చెబుతాను.

నా ప్లేజియరిజం రిపోర్టు ఆరు శాతం వచ్చింది కదా అని ధీమాగా ఉన్నాను. అది ఎత్తిరాతను పట్టుకునే సాఫ్ట్‌వేర్, రిఫరెన్సు ఉందో లేదో దానికి పట్టదు. లేని పేపరు దేనికీ మ్యాచ్ కాదు కాబట్టి రిపోర్టు ఇంకా శుభ్రంగా వస్తుంది!

మళ్లీ ఆ చాట్‌బాట్‌నే "ఇది నిజమేనా" అని అడగడం శుద్ధ దండగ. 2023లో న్యూయార్క్‌లో అవియాంకా విమానయాన సంస్థ మీద నడిచిన కేసులో లాయర్లు, చాట్‌బాట్ కల్పించిన తీర్పుల విషయంలో అదే చేశారు. అవి నిజమైన తీర్పులేనని అది చెప్పింది, వాళ్లు నమ్మారు, కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది.

ఆ సెమినార్ తర్వాత లిస్టులోని 96 రిఫరెన్సులనూ మొదటి నుంచి చూశాను. ఒక్కోదానికి సగటున ఐదు నిమిషాలు. DOI, అంటే పేపరుకు శాశ్వతంగా ఇచ్చే గుర్తింపు నంబరు, ఉంటే ముందు దాన్నే బ్రౌజర్‌లో ఇలా కొడతాను:

```
https://doi.org/<DOI>
```

పేజీ దొరకలేదని వస్తే అది గాలిదని అప్పుడే తేల్చేయను, టైప్ చేయడంలో తప్పు పడి ఉండొచ్చు. శీర్షికను `search.crossref.org`లో వేసి చూస్తాను. అసలు ప్రమాదం పేజీ చక్కగా తెరుచుకున్నప్పుడే. తెరుచుకుంది కదా అని టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతాం. నాకు ఒక DOI భూసారం మీద వేరే దేశం వాళ్లు రాసిన పేపరుకి తీసుకెళ్లింది. అందుకే శీర్షిక, మొదటి రచయిత, సంవత్సరం, ఈ మూడూ నా లిస్టులో ఉన్నట్టే ఉన్నాయా అని వేలు పెట్టి చదువుతాను. కలిస్తే ఆ DOIని రిఫరెన్సులు దాచుకునే Zotero సాఫ్ట్‌వేర్‌లో వేస్తాను, వివరాలు అదే తెచ్చుకుంటుంది. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సు లైన్‌ని కాపీ చేసి థీసిస్‌లో పెట్టడం పూర్తిగా మానేశాను.

గూగుల్ స్కాలర్‌లో కనిపించింది కదా అని కూడా ఊరుకోకూడదు. ముందు `[CITATION]` అని ఉండి, నొక్కడానికి లింకు లేకపోతే, ఆ పేరు ఎవరి రిఫరెన్సు లిస్టులోంచో వచ్చిందని అర్థం. నాలాంటివాడే ఇంకొకడు అదే కట్టుకథను తన పేపర్లో పెట్టి ఉంటే అది అక్కడికి చేరిపోతుంది.

DOI లేని తెలుగు పుస్తకాలకు ఈ పద్ధతి పనికిరాదు, వాటిలోనే చాట్‌బాట్ మరీ రెచ్చిపోతుంది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన పుస్తకమని ఒకటి ఇచ్చింది, సంవత్సరం 1974. ఆ సంస్థ మొదలైందే 1980లో. వెతుకులాట మొదలుపెట్టే ముందు ఈ రకం లెక్క ఒక నిమిషం వేస్తే సగం గాలివి అక్కడే రాలిపోతాయి. మిగిలినవాటికి బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకో వెళ్లి పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చూడాల్సిందే.

మొత్తం 96లో 11 పోయాయి. వాటికి పెద్దగా బాధపడలేదు. నాకు చెమటలు పట్టించినవి ఇంకో ఏడు. పేపరు ఉంది, DOI సరిగ్గా ఉంది, రచయితలూ సరే. నేను రాసిన మాట మాత్రం అందులో లేదు. వెబ్‌లో వెతికి ఇచ్చే వెర్షన్ పెట్టే బాధ ఇదే. ఉదాహరణకి, "పారా గడ్డి వేసే రైతుకు కూరగాయల కంటే ఆదాయం నిలకడగా ఉంటుంది" అని రాసి ఒక పేపరు చూపించాను. సారాంశం చదివితే సరిపోయినట్టే ఉంది, గడ్డి ఉంది, ఆదాయం ఉంది. లోపలి టేబుల్ దగ్గరికి వెళ్తే వాళ్లు పోల్చింది వరితో. కూరగాయల ఊసే లేదు. వైవాలో ఎవరైనా ఆ టేబుల్ తెరిచి ఉంటే నేను నోరెత్తలేను.

అందుకని ఎక్సెల్ షీట్‌లో రెండు కాలమ్‌లు పెట్టుకున్నాను. ఒకదాంట్లో థీసిస్‌లో నేను రాసిన వాక్యం, పక్కన ఆ పేపరులోని అసలు వాక్యం, పేజీ నంబరుతో సహా. రెండోది నా చేత్తో టైప్ చేస్తాను, కాపీ చెయ్యను. టైప్ చేస్తున్నప్పుడు "అయ్యో, ఇది వరి కదా" అని తడుతుంది, కాపీ చేస్తే తట్టదు. పేపరు పూర్తిగా దొరక్క సారాంశం మాత్రమే చదివినవాటికి పేజీ గడి ఖాళీగా ఉంటుంది. గడి ఖాళీగా ఉంటే ఆ రిఫరెన్సు లోపలికి రాదు, అంతే.

రేటింగ్ ఇవ్వాలంటే భాషకు నాలుగు స్టార్లు, రిఫరెన్సులకు ఒకటి. సబ్‌స్క్రిప్షన్ మాత్రం ఆపలేదు. మేడమ్‌కి ఆ పద్నాలుగో నంబరు తీసేశానని, ఎలా వచ్చిందో కూడా నిజం రాసి మెయిల్ పెట్టాను. "సరే. మిగతావి?" అని ఒకే లైను జవాబు వచ్చింది. షీట్ పంపించాను. అందులో ఇంకా రెండు ఖాళీ గడులున్నాయి, ఒకటి నిజాం కాలం నాటి నీటిపారుదల రిపోర్టు. సోమవారం అఫ్జల్‌గంజ్ వెళ్లాలి.