పర్మిషన్ డబ్బా వస్తే పై బటనా, నడిమిదా?

ఫోన్ హిందీలనో ఇంగ్లిషులనో ఉంది, యాప్ ఏదో అడుగుతుంది, ఏది నొక్కాలె? దేవరకొండ, అచ్చంపేట దిక్కు నుంచి మళ్ల మళ్ల వచ్చే ప్రశ్న ఇది. పాలమూరు నుంచి బొంబాయికి పనికి పోయి అక్కడ కొన్న ఫోన్లు మరీ ముఖ్యంగ.

పర్మిషన్ డబ్బా యాప్‌ది కాదు, ఆండ్రాయిడ్‌ది. అందుకే అది ఫోన్ భాషలనే వస్తది. సెట్టింగ్స్‌ల ఫోన్ భాష తెలుగు పెడితే డబ్బా కూడ తెలుగుల వస్తది. దానికంటే ముందు యాప్ తన సొంత పేజీల "అన్నీ ఒప్పుకోండి" అన్నా, అది నొక్కినంత మాత్రాన యాప్‌కు కెమెరా, కాంటాక్ట్స్ దొరకవు. అసలు డబ్బా తర్వాత వస్తది.

భాష రాకున్నా బటన్లు లెక్కపెట్టొచ్చు. కెమెరాకు, లొకేషన్‌కు మామూలుగ మూడుంటయి: పైన While using the app, నడిమ Only this time, కింద Don't allow. పైది నొక్కితే యాప్ తెరిచినప్పుడల్లా అడగకుండనే వాడుకుంటది. నడిమిది నొక్కితే యాప్ మూసినంక కొద్దిసేపటికి అనుమతి దానంతటదే పోతది. నా ఓటు నడిమిదానికే. రోజూ క్యూఆర్ స్కాన్ చేసే యాప్‌కు, మ్యాప్‌కు మాత్రం పైది ఇయ్యొచ్చు, లేకుంటే ప్రతిసారి అడిగి విసిగిస్తది. ఆండ్రాయిడ్ 12 నుంచి లొకేషన్ డబ్బాల Precise, Approximate అని రెండు బొమ్మలు కూడ ఉంటయి. వాన కబురుకు రెండోది చాలు, ఆటో బుక్ చేస్తే మొదటిది కావాలె.

కాంటాక్ట్స్ దగ్గరే అసలు తేడా. మనిషి బొమ్మ ఉన్న ఆ డబ్బాల రెండే బటన్లు, నడిమిది లేదు. కెమెరా మూస్తే చూసుడు ఆగుతది. నంబర్లు ఒక్కసారి యాప్ వాళ్ల సర్వర్‌కు ఎక్కితే, తర్వాత అనుమతి తీసేసినా అవి వెనక్కి రావు. పైగ అవి మీ ఒక్కరివి కావు.

లోన్ యాప్ సంగతే తీసుకోండి. సెల్ఫీకి కెమెరా అడిగితే నడిమిది. లొకేషన్‌కు కూడ నడిమిదే. కాంటాక్ట్స్‌కు కింద బటన్. "ఇయ్యకుంటే లోన్ రాదు" అంటే యాప్ తీసేయండి. లోన్ యాప్‌లు కాంటాక్ట్స్ ముట్టొద్దని 2022ల రిజర్వ్ బ్యాంకే చెప్పింది, 2023 నుంచి ప్లే స్టోర్ నియమం కూడ అదే. అయినా అడుగుతుందంటే, లింకు పంపి ఎక్కించిన యాపేమో చూసుకోండి.

నోటిఫికేషన్ల గంట బొమ్మకు కూడ రెండు బటన్లే. వద్దంటే నష్టమేం లేదు.

ఒకటి యాదికుంచుకోండి: ఆండ్రాయిడ్ 11 నుంచి ఒకదానికి రెండుసార్లు కింద బటన్ నొక్కితే ఆ డబ్బా మళ్ల రాదు. సెల్ఫీ దగ్గర తెర నల్లగ ఉండి, ఏమీ అడగకపోతే కారణం ఇదే కావొచ్చు. యాప్ బొమ్మను ఒత్తిపట్టి App infoల Permissions, అండ్ల Camera తెరిచి, Ask every time పెడితే డబ్బా తిరిగి వస్తది.