కుడివైపే వెలిసిన జుట్టు: శాటిన్ గలీబులతో పధ్నాలుగు నెలలు

రెండు శాటిన్ దిండు గలీబులు పధ్నాలుగు నెలలుగా మార్చి మార్చి వాడుతున్నాను. వాటి మెరుపు, మెత్తదనం అందరికీ తెలిసినవే. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. నా జుట్టు కుడివైపూ ఎడమవైపూ మళ్ళీ ఒకే రంగులోకి వచ్చింది. అద్దంలో అది చూసుకున్న రోజు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.

నాకు తెల్లవెంట్రుకలు ముందుగానే వచ్చాయి. కావలిలో మా వీధి పార్లర్‌లో ఆరు వారాలకోసారి బర్గండీ వేయించుకుంటాను. జుట్టు నడుము దాకా ఉంటుంది. ఎరుపు కలిసిన రంగులు మిగతావాటికంటే త్వరగా వెలుస్తాయని తెలిసే ఎంచుకున్నాను. కానీ మూడో వారానికే ఇటుక రంగుకి దిగిపోతుంటే బాధేసేది. షాంపూ మార్చాను. బోరు నీళ్ళని అనుమానించాను. ఒకరోజు పార్లర్ అక్క పాపిట తీసి, రెండు పక్కల నుంచి చెరో పాయ ముందుకు లాగి, కిటికీ వెలుతురులో పక్కపక్కన పట్టి చూపించింది.

"షాంపూ వల్లో నీళ్ళ వల్లో అయితే రెండు వైపులా ఒకేలా పోవాలి కదమ్మా. నువ్వు కుడివైపు తిరిగి పడుకుంటావా?" అంది.

అవును. నా కుడిపక్కన పాప పడుకుంటుంది. నాలుగేళ్ళుగా దానివైపే తిరిగి పడుకుంటున్నాను.

అక్క ఇంకోటి కూడా చేసి చూపించింది. ఒక వెంట్రుకని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మొదలు నుంచి కొసకి జరిపితే నున్నగా ఉండాలి, కొస నుంచి పైకి జరిపితే కొంచెం గరుకు తగలాలి. ఎడమవైపు వెంట్రుక అలాగే ఉంది. కుడివైపుది ఎటు జరిపినా గరుకే.

వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, పొలుసుల కొసలన్నీ కిందికి వాలి ఉంటాయి. పర్మనెంట్ కలర్ వేసేటప్పుడు అమ్మోనియా ఆ పొలుసుల్ని లేపుతుంది, రంగు లోపలికి వెళ్ళి అక్కడ తయారవుతుంది. ఆ పనిలోనే వెంట్రుక పైన సహజంగా ఉండే జిడ్డు పొర చాలావరకు పోతుంది. అందుకే రంగు వేసిన జుట్టు దేనికైనా త్వరగా పట్టుకుంటుంది. దిండు రంగుని తుడిచేయదు. రాత్రంతా తల అటూ ఇటూ కదిలేటప్పుడు పొలుసుల అంచులు విరుగుతాయి, ఆ తర్వాతి తలస్నానంలో ఆ సందుల్లోంచి రంగు నీళ్ళతో పోతుంది. పైగా గరుకైన జుట్టు మీద వెలుతురు సరిగా మెరవదు కాబట్టి, లోపల రంగు ఉన్నా పైకి వెలిసినట్టే కనిపిస్తుంది.

శాటిన్ గలీబులు కొన్నది ఆ వారమే. శాటిన్ అనేది నూలు, పట్టు లాంటి దారం పేరు కాదు, ఒక నేత పేరు. అందులో దారాలు మాటిమాటికీ పైకీ కిందికీ అల్లుకోకుండా చాలా దూరం పైనే సాగుతాయి, అందుకే జుట్టు వాటి మీద జారిపోతుంది. నావి పాలియెస్టర్‌వి. రెండోసారి రంగు వేయించుకున్నాక ఐదో వారంలో అక్క మళ్ళీ రెండు పాయలు కిటికీ దగ్గర పట్టింది. తేడా దాదాపు లేదు. ఆ ఆనందంలో మా చెల్లికీ, ఆఫీసులో ఇద్దరికీ "గలీబు మారిస్తే చాలు" అని గట్టిగా చెప్పేశాను.

ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకోవాలి. రెండు వైపులా సమానం అయ్యాయి గానీ, నాలుగో వారానికి రెండు వైపులా సమానంగానే వెలిసేవి. కొసలు, నుదుటి దగ్గర జుట్టు మరీ ఎక్కువగా. దిండుకి ఆనని చోట్ల కూడా వెలుస్తోందంటే కారణం ఇంకోటి ఉండాలి. అది మా టర్కీ టవల్. తలస్నానం చేయగానే దానితో బరబరా రుద్ది, మెలితిప్పి, తలకి చుట్టేదాన్ని. తడిసిన వెంట్రుక ఉబ్బి పొలుసులు లేచి ఉంటాయి, సాగే గుణం ఎక్కువగా, బలం తక్కువగా ఉంటుంది. టవల్ మీది దారపు ఉంగరాలు సరిగ్గా అప్పుడే వాటిని పట్టుకుంటాయి. రాత్రంతా దిండు చేసేదానికంటే ఆ రెండు నిమిషాల రుద్దుడే నా జుట్టుకి ఎక్కువ చేటు చేసిందనుకుంటున్నాను.

అమ్మ దగ్గర బాగా వాడిన వెంకటగిరి నూలు చీర ఒకటుంది. ఉతికి ఉతికి గాలిలా తేలిగ్గా అయింది. అందులోంచి జరీ అంచు తీసేసి రెండు గజాల ముక్క తెచ్చుకున్నాను. రుద్దడం లేదు. పాయలుగా తీసుకుని పై నుంచి కిందికి ఒత్తుతూ వస్తాను, ముక్క తడిస్తే పొడి వైపు తిప్పుకుంటాను. ఆరడానికి ఇంకో అరగంట ఎక్కువ పడుతుంది. కానీ నాలుగో వారంలో వెలిసే రంగు ఐదున్నర, ఆరు దాకా నిలుస్తోంది.

ఏది ఎంత పని చేస్తోందో ఒంగోలు వెళ్ళినప్పుడు తెలిసింది. వేసవిలో ఐదు వారాలు అమ్మ దగ్గర ఉన్నాను. గలీబులు మరిచిపోయాను, చీర ముక్క మాత్రం బ్యాగులో ఉంది. తిరిగొచ్చాక చూస్తే మొత్తం రంగు బాగానే ఉంది, కుడివైపు మాత్రం మళ్ళీ ఒక మెట్టు వెలిసింది, పొద్దున్నే చిక్కులు కూడా అటే. అంటే నా విషయంలో గలీబు ఒకవైపు నష్టాన్ని ఆపుతోంది, మిగతాదంతా టవల్ మార్చడం వల్లే.

గలీబుతో ఇబ్బందులు కూడా చెప్పాలి. తొమ్మిదో నెలలో ఒకదానికి నా గాజులకున్న పిన్నీసు తగిలి దారం లేచింది. పైన పొడుగ్గా సాగే దారాలే దాని బలం, అవే దాని బలహీనత కూడా. ఒకటి లేచాక పక్కవీ లేవడం మొదలయ్యాయి. చూడటానికి పెద్దగా తెలియదు. పగిలిన మడమ దాని మీద జరిపితే ఎక్కడ పట్టుకుంటుందో అక్కడ జుట్టూ పట్టుకుంటుంది. అది ఇప్పుడు పాప బొమ్మల దిండుకి వేశాను. ఇంకోదాన్ని వారానికోసారి చన్నీళ్ళలో, జిప్పులూ హుక్కులూ ఉన్న బట్టలతో కలపకుండా విడిగా ఉతుకుతున్నాను. కొబ్బరినూనె పేరుకుంటే అది జారదు, జుట్టు అంటుకుంటుంది. మే నెలలో కరెంటు పోయిన రాత్రి పాలియెస్టర్ మీద మెడంతా చెమట. ఆ రాత్రులు మామూలు నూలు గలీబే వేసుకున్నాను.

గలీబు ఉన్నా తడి తలతో పడుకుంటే లాభం లేదు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి తొమ్మిదికి తలస్నానం చేయడం మానేసి, ఆదివారం, గురువారం పొద్దున్నకి మార్చుకున్నాను. పడుకునేటప్పుడు వదులు జడ వేసి, భుజం కింద నలగకుండా దిండు పైకి తీసుకుంటాను. రంగు వేయించుకున్న మొదటి మూడు రాత్రులు పాత ముదురు రంగు గలీబు వాడతాను, లేకపోతే కొత్తదానికి మరకలు అంటుతాయి.

నాకు పొడుగు జుట్టు, ఎరుపు రంగు, ఒకేవైపు పడుకునే అలవాటు, వారానికి రెండే తలస్నానాలు. ఈ నాలుగూ కలిశాయి కాబట్టి తేడా అంత స్పష్టంగా కనిపించింది. రోజూ తల తడిపేవాళ్ళకి నీళ్ళూ షాంపూలతోనే ఎక్కువ రంగు పోతుంది, దిండు మార్చినా అంతగా తెలియదు. మా ఆయన పొట్టి జుట్టుకి నల్లరంగు వేస్తారు, ఆయనకి ఏ తేడా కనపడలేదు. నేనైతే మూడో గలీబు కొంటాను. మా చెల్లికి మాత్రం ఫోన్ చేసి, ముందు ఇంట్లో ఉన్న పాత నూలు చీర చింపుకో, గలీబు సంగతి తర్వాత చూద్దాం అని చెప్పాను.