బియ్యం బ్యాగుల బల్క్ ఆర్డర్: రేటు ఒప్పుకునే ముందు బ్యాగు బరువు రాయించుకోండి

మిర్యాలగూడ, హాలియా, నల్లగొండ వైపు చిన్న మిల్లులు నడిపేవాళ్లు, సొంత బ్రాండు మీద సన్నబియ్యం అమ్మేవాళ్లు ఇది పూర్తిగా చదవండి. వానాకాలం వడ్లు దిగకముందే ప్రింటెడ్ బ్యాగులకు ఫ్యాక్టరీలను కోట్ అడుగుతాం కదా, అక్కడ మాకు జరిగిన నష్టం గురించి రాస్తున్నాను. ఫ్యాక్టరీతో డబ్బు లెక్క ఇంకా తెగలేదు, అందుకే పేరు రాయడం లేదు. పేరు తెలియకపోయినా పద్ధతి తెలిస్తే మీరు పట్టుకోగలరు.

మేం అడిగింది 26 కేజీల బీఓపీపీ బ్యాగులు. (2022 జులై 18 నుంచి 25 కేజీల వరకు ఉన్న లేబుల్ ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది, అప్పటి నుంచి మన దగ్గర చాలామంది 26కి మారారు.) వెడల్పు 18 ఇంచులు, పొడవు 28 ఇంచులు, నాలుగు రంగుల ప్రింటు, మొత్తం 20,000. ముందు సాంపిల్ పంపమన్నాం. సరుకు మూడు విడతల్లో కావాలని తేదీలతో సహా రాశాం: అక్టోబర్ ఆఖరుకు 5,000, నవంబర్ 15కి 10,000, డిసెంబర్ మొదటి వారానికి మిగతా 5,000.

జవాబు వాట్సాప్‌లో రెండు లైన్లలో వచ్చింది. బ్యాగుకు 14 రూపాయల 50 పైసలు, జీఎస్టీ అదనం, క్వాలిటీ సాంపిల్ ప్రకారం, డెలివరీ 15 రోజులు, సగం అడ్వాన్స్, ప్రింటింగ్ సిలిండర్ల ఖర్చు వేరు. సాంపిల్ కూడా వెంటనే వచ్చింది. చేత్తో పట్టుకుంటే గట్టిగా ఉంది, తూకం వేస్తే 68 గ్రాములు. అందరం సంతోషంగా ఆర్డర్ ఇచ్చాం.

మొదటి లోడ్ దిగిన రోజు బ్యాగు నోరు పట్టుకుని బియ్యం నింపుతున్న హమాలీ అన్నాడు, "సేటూ, ఇది ఆ సంచి కాదు, పలుచగుంది" అని. చిన్న కాంటా తెచ్చి పది ఖాళీ బ్యాగులు కలిపి పెడితే 580 గ్రాములు వచ్చింది. అంటే ఒక్కోటి 58 గ్రాములు. బియ్యం నింపి, కుట్టి, నడుమెత్తు నుంచి పడేస్తే కొన్నిటికి కుట్టు దగ్గర నేత చీలింది. లారీలో ఎత్తి పడేసే సరుకు అది, దుకాణం చేరేలోపే గింజ కారుతుంది.

వాళ్లు తగ్గించింది ప్రింటు మీద కాదు, లోపల ఉండే అల్లిన బట్ట మీద. పైన మెరిసే ఫిల్మ్, మధ్యలో లామినేషన్ అలాగే ఉంచి బట్ట జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు ఉండే గ్రాముల బరువు, తగ్గిస్తే కంటికి ఏమీ తెలియదు. బ్యాగుకు 10 గ్రాములంటే చిన్న మాటలా ఉంటుంది కానీ 20,000 బ్యాగులకు 200 కేజీల మెటీరియల్. అడిగితే "పది శాతం అటూ ఇటూ మామూలే" అన్నారు. 68కి పది శాతం తీసేసినా 61 గ్రాముల పైన ఉండాలి, వీళ్లు 58కి దించారు. పైగా నిజంగా అటూ ఇటూ అయితే కొన్ని బ్యాగులు ఎక్కువ కూడా తూగాలి కదా. కట్టకు కట్ట విప్పి తూస్తే అన్నీ తక్కువే.

ఇంకో మాట కూడా అప్పుడే బయటపడింది. మాకు పంపిన సాంపిల్ ఇంకెవరికో చేసిన బ్రాండు బ్యాగు. ఆ పార్టీ ఎక్కువ బట్ట అడిగి ఉంటాడు. "సాంపిల్ ప్రకారం" అన్న మాటకు కాగితం మీద బరువు లేదు, జీఎస్ఎం లేదు, కాబట్టి వాదనకు దిగితే ఎవరి మాట వాళ్లదే అవుతోంది. సాంపిల్ మీద బరువు రాసి, రెండు వైపులా సంతకాలు పెట్టి, ఒకటి వాళ్ల దగ్గర ఒకటి మన దగ్గర ఉంచితేనే దానికి విలువ. మన ప్రింటుతో మిషన్ మీద వచ్చిన మొదటి బ్యాగులు పది తెప్పించుకుని, అవి తూగాకే మిగతా రన్‌కు ఓకే చెప్పండి.

కోట్లు పోల్చేటప్పుడు బ్యాగు రేటు చూడకండి, కేజీ రేటు కట్టండి. 14.50ని 68 గ్రాములతో లెక్కేస్తే కేజీ 213 రూపాయలు. అదే రేటుకు 58 గ్రాముల బ్యాగు ఇస్తే కేజీ 250 పడింది. అప్పుడు ఇంకో ఫ్యాక్టరీ 72 గ్రాముల బ్యాగుకు 15.20 చెప్పింది, ఖరీదు అని పక్కన పెట్టాం. కేజీ లెక్కన అది 211 మాత్రమే, అన్నిటికన్నా చవక.

డెలివరీ సంగతి ఇంకా బాధ. "15 రోజులు" అన్నది ఆర్డర్ తేదీ నుంచి కాదట. డిజైన్ ఓకే అయ్యి, రంగుకు ఒకటి చొప్పున నాలుగు సిలిండర్లు చెక్కించి తెచ్చాక లెక్క మొదలవుతుందట. ఇది ఫోన్ చేసి గట్టిగా అడిగితే తప్ప చెప్పలేదు. అక్టోబర్ ఆఖరుకు రావాల్సిన 5,000 నవంబర్ మధ్యలో దిగాయి. అప్పటికి కొత్త బియ్యం గోదాంలో పేరుకుపోయి, ప్రింటు లేని తెల్ల సంచుల్లో తక్కువ ధరకు పంపాల్సి వచ్చింది.

బిల్లు చూస్తే మరో దెబ్బ. 14.50 అనేది 20,000 ఒకేసారి ఎత్తుకుంటేనట, 5,000 విడతకు 17 రూపాయలు వేశారు. విడతల తేదీలు మా మొదటి మెసేజ్‌లోనే ఉన్నాయి, వాటిని చదివే వాళ్లు రేటు ఇచ్చారు. ఇక్కడ మాత్రం మేం తగ్గలేదు, బాకీ డబ్బు ఆపాం. పలుచటి బ్యాగుల్లో వాడనివి వాపస్ తీసుకెళ్లమన్నాం. సిలిండర్లు మా డబ్బుతో చేసినవే అయినా ఇవ్వడం లేదు. అవి లేకుండా వేరే ఫ్యాక్టరీకి పోతే ఆ ఖర్చు మళ్లీ మొదటి నుంచి పడుతుంది.

ఈ ఏడాది మేం కొత్త ఫ్యాక్టరీకి పంపిన కోట్ మెసేజ్ కింద పెడుతున్నాను, కావలసినవాళ్లు లెక్కలు మార్చుకుని వాడుకోండి.

"26 కేజీల బీఓపీపీ బ్యాగు, 18 × 28 ఇంచులు, నాలుగు రంగులు. ఖాళీ బ్యాగు సగటు బరువు 70 గ్రాములు, 50 బ్యాగులు కలిపి తూస్తే 5 శాతానికి మించి తగ్గకూడదు. బట్ట, లామినేషన్, ఫిల్మ్ జీఎస్ఎం విడివిడిగా రాయండి. మొత్తం 20,000, మూడు విడతలు, తేదీలు కింద ఉన్నాయి. మొత్తం ఆర్డర్ మీద రేటు చెప్పండి, అదే రేటు ప్రతి విడతకూ వర్తించాలి. రేటు మిర్యాలగూడ గోదాం చేరేదాకా, రవాణాతో కలిపి. డిజైన్ ఓకే చేసిన రోజు నుంచి సిలిండర్లకు ఎన్ని రోజులు, తర్వాత మొదటి విడతకు ఎన్ని రోజులు, వేరువేరుగా చెప్పండి. మా ప్రింటుతో వచ్చిన మొదటి 10 బ్యాగులు మేం ఓకే చేశాకే మిగతా రన్ చేయాలి. సిలిండర్లు మావి, అడిగినప్పుడు ఇవ్వాలి. బరువు తక్కువైన లోడ్ మీ ఖర్చుతో వాపస్."

నలుగురికి పంపితే ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఒకరు బరువు దగ్గర మాట దాటేసి రేటు తగ్గిస్తామన్నారు. నాలుగో ఆయన ప్రతి లైనుకు జవాబు రాసి, 70 గ్రాములకు 15.10 చెప్పి, 5 శాతం కాదు 6 ఒప్పుకోమని అడిగాడు. ఆర్డర్ ఆయనకే ఇచ్చాం.

మొదటి లోడ్ దిగే రోజు హమాలీలను ఆపి, డ్రైవర్ ఉండగానే వేరువేరు కట్టల నుంచి 50 బ్యాగులు తీసి తూయండి. కాంటా మీద అంకె కనపడేలా ఫోటో తీసి, లోడ్ నంబర్‌తో ఫ్యాక్టరీకి అప్పుడే పంపండి. దించుకుని రసీదు మీద సంతకం పెట్టాక వాళ్ల గొంతు మారుతుంది.